19 వేల గ్రామ నివేదికలు, ఒక్క రాష్ట్ర నివేదిక: సారాంశాలను కలిపేటప్పుడు తూకం ఎక్కడ తప్పుతుంది?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబర్ 1న ఏర్పడింది. రాయ్‌పూర్ రాజధాని అయింది. కొత్త రాష్ట్రం కొన్నేళ్లకే తన మానవాభివృద్ధి నివేదికను తయారుచేసుకోవాలనుకుంది. ఇలాంటి నివేదికను సాధారణంగా నిపుణులు గణాంకాలను ముందు పెట్టుకుని రాస్తారు. ఇక్కడ మాత్రం పని ఊళ్ల నుంచి మొదలైంది. గ్రామస్థులు కూర్చుని తమ నీళ్లు, అడవి, భూమి, బతుకుతెరువు, ఆరోగ్యం, చదువు గురించి చర్చించుకుని ఎవరి ఊరి నివేదికను వారే తయారుచేశారు. వీటికి ‘జన్ రపట్’ అని పేరు. అంటే ప్రజల నివేదిక అని అర్థం. ఇలా 19 వేలకు పైగా గ్రామ నివేదికలు తయారయ్యాయి. వాటి ఆధారంగా అప్పటి 16 జిల్లాలకు జిల్లా నివేదికలు వచ్చాయి. ఆ తర్వాత రాష్ట్ర స్థాయి నివేదిక 2005లో వెలువడింది.

ఈ కథలో ఒక విజ్ఞాన సమస్య దాగి ఉంది. ఒక మనిషి కూర్చుని 19 వేల నివేదికలను చదవలేడు. చదివినా అన్నింటినీ ఒకేసారి మనసులో ఉంచుకోలేడు. కాబట్టి ముందు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి సారాంశం రాసి, ఆ సారాంశాలను మళ్లీ కలపాలి. వందల పేజీల కోర్టు తీర్పును కుదించాలన్నా, విచారణ కమిషన్ సంపుటాలను కుదించాలన్నా, పెద్ద పుస్తకాన్ని కంప్యూటర్ చేత కుదింపజేయాలన్నా దారి ఇదే. ఇందులో ఏ ఒక్క సారాంశమూ తప్పుగా లేకపోయినా, అన్నీ కలిపిన తర్వాత వచ్చే చివరి సారాంశం తప్పు కావచ్చు. అది ఎలా జరుగుతుందో, ఎలా పసిగట్టాలో, ఎలా సరిదిద్దాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

మెట్లు పెరిగేకొద్దీ జారిపోయేవి

19 వేల నివేదికలను 16 జిల్లాలకు పంచితే సగటున ఒక్కో జిల్లాకు దాదాపు 1,200 నివేదికలు వస్తాయి. అవి కూడా ఒకరు చదవలేనన్ని. అందుకే ఇలాంటి పనిలో గ్రామానికీ జిల్లాకూ మధ్య బ్లాకు అనే మెట్టు వేసుకోవడం సహజం. గ్రామం నుంచి బ్లాకు, బ్లాకు నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం: ఇవి మూడు మెట్లు. ప్రతి మెట్టులోనూ పది పేజీలను ఒక పేజీకి కుదిస్తామనుకుందాం. మూడు మెట్లు దాటేసరికి వెయ్యి పేజీలు ఒక్క పేజీ అవుతాయి. అంటే ఒక గ్రామం చెప్పిన మాట చివరి పేజీలోకి రావాలంటే మూడుసార్లు ఎంపిక కావాలి. ఒక విషయం ఒక్కో మెట్టులో నిలిచే అవకాశం నూటికి 80 అనుకున్నా, మూడు మెట్లు దాటే అవకాశం 0.8 × 0.8 × 0.8, అంటే నూటికి 51 మాత్రమే. ఏ మెట్టులోనూ ఎవరూ పెద్ద పొరపాటు చేయలేదు. అయినా దాదాపు సగం విషయాలు దారిలోనే జారిపోయాయి.

జారిపోయేది విషయం ఒక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న షరతులు కూడా పోతాయి. బ్లాకు సారాంశంలో ఇలా ఉందనుకోండి: “వేసవిలో చేతిపంపులు ఎండిపోతాయని 120 గ్రామాల్లో 72 చెప్పాయి.” జిల్లా స్థాయిలో రాసే మనిషికి చోటు తక్కువ. అతను “చాలా గ్రామాల్లో వేసవిలో చేతిపంపులు ఎండిపోతాయి” అని రాస్తాడు. రాష్ట్ర స్థాయిలో అది “జిల్లాలో తాగునీటి కొరత తీవ్రంగా ఉంది” అవుతుంది. ముందు వాక్యాన్ని మాత్రమే చూసి పోల్చుకుంటే ప్రతి మార్పూ సబబుగానే కనిపిస్తుంది. మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 120లో 72 పోయింది. “వేసవిలో” పోయింది. “చెప్పాయి” పోయింది, గ్రామాల మాట నిర్ధారిత సత్యంగా మారింది. చేతిపంపు అన్న ముక్క పోయి, సమస్య ఎక్కడుందో తెలియకుండా పోయింది.

అందుకే మొదటి నియమం ఇది: సారాంశంలో కథనాన్ని ఎంతైనా కుదించవచ్చు, కానీ నాలుగు ముక్కలను మాత్రం కుదించకూడదు. ఎన్నింటిలో ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మాట. ఇవి నాలుగైదు పదాల కన్నా ఎక్కువ చోటు తీసుకోవు. వీటిని ఒకసారి వదిలేస్తే మాత్రం పై మెట్టులో ఎవరూ తిరిగి తేలేరు. పై మెట్టులో ఉన్న మనిషి చేతిలో గ్రామ నివేదిక ఉండదు.

ఒక జిల్లా లెక్క

ఇప్పుడు తూకం సంగతి. అర్థం కావడం కోసం ఒక ఊహా జిల్లాను తీసుకుందాం. ఈ అంకెలు ఏ నిజమైన జిల్లావీ కావు, లెక్క తేలిగ్గా సాగడానికి వేసుకున్నవి. జిల్లాలో నాలుగు బ్లాకులు, 300 గ్రామాలు. మొదటి రెండు బ్లాకులు మైదానంలో ఉన్నాయి. మూడోది కొండ అంచున ఉంది. నాలుగోది అడవిలో ఉంది. నీటి గురించి గ్రామాలు మూడు విషయాలు చెప్పాయి: వేసవిలో చేతిపంపు ఎండిపోవడం, నీటిలో ఇనుము ఎక్కువగా ఉండి ఎర్రగా రావడం, పంపే లేక వాగు చెలమ నీరే తాగడం. ఒక గ్రామం రెండు సమస్యలు చెప్పి ఉండవచ్చు, ఏదీ చెప్పకపోయి ఉండవచ్చు.

| బ్లాకు | గ్రామాలు | పంపు ఎండడం | ఇనుము | చెలమ నీరు |
|---|---|---|---|---|
| మొదటిది | 120 | 72 | 6 | 0 |
| రెండోది | 90 | 45 | 9 | 3 |
| మూడోది | 60 | 21 | 24 | 6 |
| నాలుగోది | 30 | 6 | 9 | 18 |
| మొత్తం | 300 | 144 | 48 | 27 |

జిల్లా మొత్తంలో పంపు ఎండడం 48 శాతం గ్రామాల సమస్య, ఇనుము 16 శాతానిది, చెలమ నీరు 9 శాతానిది. చివరి సారాంశం దీనికి దగ్గరగా ఉండాలి. ఇప్పుడు నలుగురు వేర్వేరు మనుషులు నాలుగు బ్లాకుల సారాంశాలు రాశారనీ, ఐదో మనిషి వాటిని కలిపాడనీ అనుకుందాం. అతను కలిపే పద్ధతిని బట్టి ఫలితం ఎలా మారుతుందో చూడండి.

మొదటి పద్ధతిలో ప్రతి బ్లాకు సారాంశం తన ముఖ్య సమస్యను మాత్రమే పైకి పంపుతుంది. మొదటి రెండు బ్లాకులు పంపు ఎండడం అంటాయి, మూడోది ఇనుము అంటుంది, నాలుగోది చెలమ అంటుంది. ఐదో మనిషికి కనిపించేది నాలుగు కాగితాలు. రెండింటిలో ఒక మాట, ఒకదానిలో ఇంకో మాట, మరోదానిలో మరో మాట. ఇనుము, చెలమ నీరు సమానమైన సమస్యలని అతను రాస్తాడు. నిజానికి వాటి మధ్య తేడా 48 గ్రామాలకూ 27 గ్రామాలకూ ఉన్నంత.

రెండో పద్ధతిలో బ్లాకులు శాతాలను పంపుతాయి, కానీ గ్రామాల సంఖ్యను పంపవు. చెలమ నీటికి వరుసగా 0, 3.3, 10, 60 శాతం వచ్చాయి. ఐదో మనిషి నాలుగింటి సగటు తీస్తే సుమారు 18 శాతం వస్తుంది. అసలు విలువ 9. అడవి బ్లాకులోని 30 గ్రామాలకు మైదానంలోని 120 గ్రామాలతో సమానమైన బరువు దక్కడం వల్ల అంకె రెట్టింపయింది.

మూడో పద్ధతిలో ఐదో మనిషి జాగ్రత్తపరుడు. గ్రామాల సంఖ్యతో సరిగ్గా లెక్క వేసి 9 శాతం అని తెలుసుకున్నాడు. కానీ చోటు లేదు కాబట్టి పది శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని వదిలేయాలని నియమం పెట్టుకున్నాడు. చెలమ నీరు మొత్తంగా మాయమైంది. నాలుగో బ్లాకులో 30 గ్రామాల్లో 18 చెప్పిన మాట, ఆ బ్లాకుకు అన్నింటి కన్నా పెద్ద సమస్య, జిల్లా నివేదికలో లేకుండా పోయింది.

రెండో పద్ధతి చిన్న భాగాన్ని పెంచి చూపింది, మూడోది మింగేసింది. తూకం తప్పడం అంటే ఎప్పుడూ బలహీనుడి మాట పోవడమే అనుకుంటాం. వ్యతిరేక దిశలో కూడా అంతే తేలిగ్గా తప్పుతుందని ఈ లెక్క చెబుతోంది. ఈ రెంటికీ మధ్య సరైన వాక్యం ఇలా ఉంటుంది: “300 గ్రామాల్లో 27 చెలమ నీరే తాగుతున్నట్టు చెప్పాయి. వాటిలో 18 ఒకే అడవి బ్లాకువి, ఆ బ్లాకులో ఉన్నవే 30 గ్రామాలు.” లవం, హారం, చోటు మూడూ ఉన్నాయి కాబట్టి సమస్య జిల్లాకు చిన్నదనీ, ఒక ప్రాంతానికి పెద్దదనీ రెండు నిజాలూ ఒకే వాక్యంలో నిలిచాయి.

ఏ క్రమంలో కలిపామన్నది కూడా ముఖ్యమే

చాలామంది ఇంకో పద్ధతిలో పనిచేస్తారు. మొదటి భాగం చదివి సారాంశం రాసుకుంటారు. రెండో భాగం చదివి ఆ సారాంశాన్ని సవరిస్తారు. మూడోది చదివి మళ్లీ సవరిస్తారు. దీన్ని పెంచుకుంటూ పోయే సారాంశం అనవచ్చు. ఒక్క మనిషే చేస్తున్నప్పుడు ఇది సహజంగా వచ్చే పద్ధతి. ఇందులో కంటికి కనిపించని ప్రమాదం ఒకటి ఉంది. ప్రతిసారీ చేతిలో ఉన్న పాత సారాంశానికీ, ముందున్న కొత్త భాగానికీ సమాన బరువు ఇస్తే ఏమవుతుందో చూడండి.

మొదటి రెండు బ్లాకులను కలిపాం, సగం సగం. దానితో మూడోదాన్ని కలిపాం, మళ్లీ సగం సగం. దానితో నాలుగోది కలిపాం. చివరికి నాలుగో బ్లాకు బరువు సగం, మూడోది పావు, మొదటి రెండూ ఒక్కొక్కటి ఎనిమిదో వంతు. పంపు ఎండడం 32.5 శాతం అని తేలుతుంది, చెలమ నీరు 32.9 శాతం అని తేలుతుంది! 144 గ్రామాల సమస్య, 27 గ్రామాల సమస్య సమానమైపోయాయి. ఇదే పనిని నాలుగో బ్లాకు నుంచి మొదలుపెట్టి వెనక్కి చేస్తే పంపు ఎండడం 49 శాతం, చెలమ నీరు 9.6 శాతం వస్తాయి. అవి అసలు విలువలకు దగ్గరగా ఉన్నాయి కానీ అది పద్ధతి గొప్పతనం కాదు. పెద్ద బ్లాకు చివర రావడం వల్ల కలిసొచ్చింది.

మనిషి ఇలా అంకెలు వేసి సగటు తీయడు, నిజమే. కానీ నిన్న చదివిన భాగం మనసులో తాజాగా ఉంటుంది, నెల క్రితం చదివింది ఒక పంక్తిగా మిగులుతుంది. ఫలితం ఇలాగే ఉంటుంది. దీనికి మందు సులువు. పాత సారాంశం పక్కనే “ఇది ఇప్పటికి ఎన్ని గ్రామాలకు ప్రాతినిధ్యం వహిస్తోంది” అన్న అంకెను రాసుకోవాలి. మూడు బ్లాకులు అయ్యాక ఆ అంకె 270. ఎదురుగా వచ్చిన నాలుగో బ్లాకు అంకె 30. ఇక రెండింటికీ సమాన బరువు ఇవ్వాలన్న ఆలోచనే రాదు.

దేని ప్రకారం తూకం?

ఇక్కడ గణితం చెప్పలేని ప్రశ్న ఒకటి వస్తుంది. గ్రామాల లెక్కన తూచాలా, జనాభా లెక్కన తూచాలా, ప్రాంతాల లెక్కన తూచాలా? నిజమైన ఛత్తీస్‌గఢ్‌నే చూడండి. అప్పటి దంతేవాడ జిల్లా అంటే ఇప్పటి బీజాపూర్, సుక్మా ప్రాంతాలు కూడా కలిసినది. శబరి ఒడ్డున ఉన్న కోంట, ఇంద్రావతి ప్రాంతంలోని భోపాల్‌పట్నం అందులోవే. తెలుగు వినిపించే సరిహద్దు ఊళ్లు అవి. 2001 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా సుమారు 2 కోట్ల 8 లక్షలు, దంతేవాడ జిల్లాది సుమారు 7 లక్షల 20 వేలు. అంటే మూడున్నర శాతం. జిల్లాల లెక్కన అది 16లో ఒకటి, అంటే ఆరు శాతం పైచిలుకు. వైశాల్యంలో దాదాపు ఎనిమిదో వంతు, అంటే 12 శాతానికి పైగా. అదే ఏడాది రాయ్‌పూర్ జిల్లా జనాభా సుమారు 30 లక్షలు. జనాభా లెక్కన అది రాష్ట్రంలో పద్నాలుగు శాతం పైన, జిల్లాల లెక్కన దంతేవాడతో సమానం.

మూడు కొలతలకూ మూడు సమాధానాలు వచ్చాయి. ఏదీ తప్పు కాదు. అడవి గురించి రాసే అధ్యాయానికి వైశాల్యం సబబు కావచ్చు. పాఠశాలల అధ్యాయానికి జనాభా సబబు కావచ్చు. తప్పు ఎక్కడంటే, ఏ కొలత వాడామో చెప్పకుండా, ఒక్కో అధ్యాయంలో ఒక్కో రాతగాడి అలవాటు ప్రకారం కొలత మారిపోవడంలో. అందుకే కలపడం మొదలుపెట్టకముందే కొలతను నిర్ణయించుకుని, నివేదిక ముందుమాటలోనే చెప్పాలి.

అంకెల బరువుకూ, పేజీలో ఇచ్చే చోటుకూ తేడా ఉందని కూడా గుర్తుంచుకోవాలి. మన ఊహా జిల్లాకు 300 మాటల సారాంశం రాయాలనుకుందాం. గ్రామాల లెక్కన పంచితే నాలుగో బ్లాకుకు 30 మాటలే వస్తాయి. అడవి ఊళ్లలో పంపులు ఎందుకు లేవో, వర్షాకాలంలో చెలమ ఏమవుతుందో 30 మాటల్లో చెప్పలేం. అందుకని ముందు ప్రతి బ్లాకుకూ 40 మాటల కనీస చోటు ఇచ్చి, మిగిలిన 140 మాటలను గ్రామాల లెక్కన పంచితే వరుసగా 96, 82, 68, 54 మాటలు వస్తాయి. చిన్న భాగానికి తన సంగతి చెప్పుకునేంత చోటు దొరికింది, పెద్ద భాగం పెద్దదిగానే ఉంది. చోటు కాస్త ఎక్కువ ఇచ్చినా మోసం కాదు, ఎందుకంటే వాక్యంలో 30లో 18 అన్న అంకె ఉంది. చోటు అర్థం చెప్పడానికి, అంకె పరిమాణం చెప్పడానికి. అంకె లేనప్పుడు మాత్రం పాఠకుడు చోటునే పరిమాణం అనుకుంటాడు.

వ్యాసం కాదు, ముందు పట్టిక

సారాంశాలను వ్యాసాలుగా రాసి, వ్యాసాలను కలిపితే ఇన్ని చిక్కులూ వస్తాయి. అందుకే మధ్య మెట్లలో వ్యాసం బదులు పట్టిక రాయడం మంచిది. నిలువు వరుసల్లో బ్లాకులు, అడ్డు వరుసల్లో విషయాలు. ప్రతి గడిలో ఎన్నింటిలో ఎన్ని అన్న అంకె, ఒక చిన్న వివరణ, ఆ మాట వచ్చిన గ్రామ నివేదికల సంఖ్యలు. పట్టికలను కలపడమంటే గడులను కూడడమే కాబట్టి క్రమంతో పని లేదు. వ్యాసం చివర ఒక్కసారే, చివరి మెట్టులో రాయాలి.

పట్టికలో ఖాళీ గడులు తప్పకుండా వస్తాయి. అక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. మొదటి బ్లాకులో చెలమ నీటి గడి సున్నా అంటే మూడు అర్థాలు ఉండవచ్చు: అడిగితే లేదన్నారు, ఎవరూ అడగలేదు, చెప్పారు కానీ రాసినవారు వదిలేశారు. ఈ మూడింటికీ వేర్వేరు గుర్తులు పెట్టకపోతే పైమెట్టులో అన్నీ “సమస్య లేదు” అయిపోతాయి. మన లెక్కలో నాలుగో బ్లాకులో పది గ్రామాలను చెలమ గురించి అసలు అడగలేదని తేలితే హారం 30 కాదు, 20 అవుతుంది. అప్పుడు 60 శాతం కాస్తా 90 శాతం అవుతుంది.

భాగాలను ఎక్కడ కోయాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పేజీల లెక్కన, అంటే వంద పేజీలకు ఒక ముక్క చొప్పున కోస్తే ఒక ముక్క చివర “అన్ని ఇళ్లకూ నీరు అందుతోంది” అని, తర్వాతి ముక్క మొదట్లో “దక్షిణపు వాడకు తప్ప” అని రావచ్చు. గ్రామ నివేదిక, అధ్యాయం, తీర్పులో ఒక న్యాయమూర్తి అభిప్రాయం వంటి సహజమైన అంచుల దగ్గరే కోయాలి. కొందరు ఒక ముక్క చివరి పేజీలను తర్వాతి ముక్కలో కూడా కలుపుతారు. అది అర్థం తెగిపోకుండా కాపాడుతుంది కానీ, ఆ పేజీల్లోని గ్రామాలు రెండుసార్లు లెక్కకొస్తాయి. నివేదికల సంఖ్యలు పట్టికలో ఉంటే ఈ రెట్టింపును పట్టుకోవడం కష్టం కాదు.

యంత్రాలకూ ఇదే పాఠం

భాషా నమూనాలతో పుస్తకాలను కుదించే ప్రయత్నాల్లోనూ ఇవే రెండు దారులు కనిపిస్తాయి. 2021లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు పుస్తకాన్ని ముక్కలు చేసి, ముక్కల సారాంశాలను మెట్లు మెట్లుగా కలిపే పద్ధతిని ప్రచురించారు. చివరి సారాంశాల్లో కొన్ని బాగున్నా, చాలావాటిలో సంఘటనలు జాబితాలా వచ్చాయే తప్ప కథ అతుక్కోలేదని వారే రాశారు. తర్వాత ఇతర పరిశోధకులు మెట్ల పద్ధతినీ, పెంచుకుంటూ పోయే పద్ధతినీ పోల్చారు. మెట్ల పద్ధతిలో పొందిక ఎక్కువ, పెంచుకుంటూ పోయే పద్ధతిలో వివరాలు ఎక్కువ అని చూశారు. ఒకేసారి పెద్ద పాఠాన్ని ఇచ్చినా చిక్కు పూర్తిగా తీరదు. పొడవైన పాఠం మొదట్లో, చివర్లో ఉన్న సమాచారాన్ని నమూనాలు బాగా వాడుకుంటాయనీ, మధ్యలో ఉన్నదాన్ని తరచూ వదిలేస్తాయనీ 2023లో ఒక అధ్యయనం చూపింది.

మన దేశంలో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2022లో కోర్టు తీర్పుల సారాంశాలపై చేసిన పని కూడా ఇక్కడ పనికొస్తుంది. తీర్పులు నమూనాల పరిమితి కన్నా పొడవుగా ఉండటంతో వాటిని ముక్కలుగా చేసి కుదించారు. మొత్తం సారాంశానికి ఒకే మార్కు వేసి ఊరుకోకుండా, వాస్తవాలు, వాదనలు, చట్టం, తుది నిర్ణయం వంటి భాగాలు ఒక్కొక్కటీ సారాంశంలో ఎంతవరకు వచ్చాయో విడివిడిగా కొలిచారు. మొత్తం మార్కు మంచిగా వచ్చిన సారాంశంలో ఒక భాగం దాదాపు లేకపోవచ్చు. తూకాన్ని కొలవాలంటే భాగాలవారీగానే కొలవాలి.

తూకం తప్పిందని ఎలా తెలుస్తుంది?

చివరి సారాంశం చేతికొచ్చాక చేయదగిన పరీక్షలు మూడు ఉన్నాయి. మొదటిది వెనక్కి నడవడం. చివరి సారాంశంలోంచి పది వాక్యాలు తీసుకుని, ఒక్కోదాన్ని పట్టిక మీదుగా గ్రామ నివేదిక వరకు వెతకాలి. దారి మధ్యలో తెగిన వాక్యం ఎవరో కలిపేటప్పుడు పుట్టించినది. రెండోది ముందుకు నడవడం. ప్రతి బ్లాకు నుంచీ ఐదేసి గ్రామాలను చీటీ వేసి ఎంచుకుని, ఆ ఊరు ముఖ్యంగా చెప్పిన మాట చివరి సారాంశంలో ఏదో ఒక రూపంలో ఉందేమో చూడాలి. చీటీని జిల్లా మొత్తం మీద కాకుండా బ్లాకువారీగా వేయాలి, లేకపోతే 30 గ్రామాల బ్లాకు నుంచి ఒకటో రెండో మాత్రమే వస్తాయి. మొదటి పరీక్ష లేనిది చేరిందా అని చూస్తుంది, రెండోది ఉన్నది పోయిందా అని చూస్తుంది. మొదటిది ఒక్కటే చేసి తృప్తిపడటం మామూలుగా జరిగే పొరపాటు. పూర్తిగా వదిలేసిన బ్లాకు ఆ పరీక్షలో ఎప్పటికీ దొరకదు.

మూడోది తీసి చూడటం. ఒక బ్లాకు పట్టికను పక్కన పెట్టి మళ్లీ కలపాలి. మన లెక్కలో నాలుగో బ్లాకును తీసేస్తే పంపు ఎండడం 270లో 138, అంటే 51 శాతం అవుతుంది, చెలమ నీరు 270లో 9, అంటే మూడు శాతం కొంచెం పైన. ప్రధాన విషయం నిలిచింది, చిన్న విషయం బాగా తగ్గింది. ఇలా జరగడమే సరైనది. నాలుగో బ్లాకును తీసినా సారాంశంలో ఒక్క మాట కూడా మారలేదంటే, ఆ బ్లాకు అందులో మొదటి నుంచీ లేదన్నమాట. తీయగానే ప్రధాన నిర్ణయమే తారుమారైతే, దానికి మోయలేనంత బరువు ఇచ్చామన్నమాట.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. నివేదికలు చెప్పినదాన్ని ఇది తూకంగా పైకి తీసుకెళ్తుంది. నివేదికల్లోకే రానిదాన్ని తీసుకురాలేదు. ఊరి చర్చలో దూరంగా కూర్చున్న వాడ మాట గ్రామ నివేదికలోనే పడకపోతే, పై మెట్లలో ఎంత జాగ్రత్తగా కూడినా అది కనిపించదు. అందుకే మొదటి గడిలోనే, ఎందరు మాట్లాడారో, ఏ వాడల వారు వచ్చారో రాసి ఉంచాలి. చివరి పేజీ చదివే మనిషికి ఆ హారం కూడా కావాలి.